డీసీఎఫ్‌లో ఒక్క శాతం మారిస్తే కోట్లు మారుతున్నాయి, ఏ లెక్క నమ్మాలి?

ప్రశ్న: సార్, నలుగురు స్నేహితులం కలిసి కూకట్‌పల్లిలో ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో 2 కోట్లు పెట్టి 8 శాతం వాటా తీసుకుందామనుకుంటున్నాం. వాళ్ళిచ్చిన డీసీఎఫ్ రిపోర్టులో విలువ 25.6 కోట్లు. ఎక్సెల్‌లో టెర్మినల్ గ్రోత్ 5 తీసి 7 పెడితే 34.8 కోట్లు అవుతోంది, 3 పెడితే 19.7 అవుతోంది. పైగా విలువంతా టెర్మినల్ వాల్యూలోంచే వస్తోంది. దీన్ని నమ్మొచ్చా? ఎంతకి తీసుకోవాలి? షీటు జత చేశాను.

సమాధానం:

ఈ ధరకి తీసుకోకండి. మీ డబ్బు రాకముందు ఆ కంపెనీ విలువ నా లెక్కలో 11 కోట్ల దగ్గర తేలింది. ఆ లెక్కన 2 కోట్లకి మీకు 8 కాదు, 15 శాతం వాటా రావాలి. అయితే మీకు టెన్షన్ పెట్టిన టెర్మినల్ గ్రోత్ గడి ఇందులో అసలు సమస్య కాదు. ఆ గడి అంతలా ఊగడానికి కారణం రిపోర్టులో ఉన్న ఒక తప్పు. దాన్ని సరిచేస్తే ఊగడం చాలావరకు ఆగిపోతుంది. నిజంగా డబ్బు పోయే చోటు వేరే ఉంది. నేను హైదరాబాద్‌లో చిన్న కంపెనీల వాల్యుయేషన్ చేయబట్టి పదహారేళ్ళయింది. అంతకు ముందు బ్యాంకులో లోన్ ప్రపోజల్స్ చూసేవాణ్ణి. మీ షీటు మొత్తం మళ్ళీ వేసి చూశాను, అదే వరసలో చెప్తాను.

ముందు షీటులో ఏముందో చూద్దాం. పోయిన ఏడాది అమ్మకాలు 8 కోట్లు. అవి వరసగా 60, 50, 40, 30, 25 శాతం పెరిగి ఐదో ఏటికి 43.7 కోట్లవుతాయని అంచనా. ఆపరేటింగ్ మార్జిన్ మొదటి ఏడాది మైనస్ 5 శాతం, తర్వాత 2, 8, 12, ఐదో ఏట 15. అమ్మకాలు ఒక రూపాయి పెరగాలంటే గ్రైండర్లు, కోల్డ్ రూమ్, వ్యాన్లు, కిరాణా షాపుల దగ్గర ఆగే బాకీలు అన్నీ కలిపి 40 పైసలు పెట్టుబడి కావాలి. మొదటి ఏడాది నష్టాన్ని తర్వాతి లాభాల్లోంచి తీసేశాక టాక్స్ 25 శాతం. రాబోయే డబ్బుని ఇవాళ్టి విలువకి దించే డిస్కౌంట్ రేటు 14. ఐదో ఏట తర్వాత ఎప్పటికీ సాగే పెరుగుదల, అంటే టెర్మినల్ గ్రోత్, 5. అప్పు లేదు, బ్యాంకులో నగదు నామమాత్రం.

విలువంతా టెర్మినల్‌లో ఉండటం తప్పు కాదు. మొదటి నాలుగేళ్ళూ క్యాష్ ఫ్లో మైనస్‌లోనే ఉంది. ఐదో ఏట 1.4 కోట్లు మిగిలింది. ఐదేళ్ళవీ ఇవాళ్టి విలువకి తెచ్చి కలిపితే మైనస్ 4.2 కోట్లు. ఐదో ఏట తర్వాత వచ్చే డబ్బంతటికీ కట్టిన విలువే టెర్మినల్ వాల్యూ, దాని ఇవాళ్టి విలువ 29.8 కోట్లు. అంటే మొత్తం విలువలో టెర్మినల్ వాటా నూటికి 116. ఇది చూసి చాలామంది "ఇదేదో మోసం" అంటారు. మామిడి మొక్కలు నాటిన రైతు మొదటి నాలుగైదేళ్ళు నీళ్ళకీ, కంచెకీ, ఎరువుకీ పెడుతూనే ఉంటాడు. ఆ తోట విలువంతా ఆ తర్వాత వచ్చే కాపులోనే ఉంటుంది కదా. పెరిగే వయసులో ఉన్న కంపెనీకి టెర్మినల్ వాటా తక్కువ కనపడితేనే నాకు అనుమానం వస్తుంది. ఎదుగుదలకి కావలసిన పెట్టుబడిని ఎక్కడో మర్చిపోయారేమో అని వెతుకుతాను.

మీ షీటులో సరిగ్గా అదే మర్చిపోయారు. కాకపోతే మొదటి ఐదేళ్ళలో కాదు, టెర్మినల్‌లో.

పెట్టుబడి లేకుండా గ్రోత్ రాదు. ఐదో ఏట టాక్స్ పోను లాభం 4.91 కోట్లు. అందులో 3.49 కోట్లు తిరిగి వ్యాపారంలోకే వెళ్ళాయి, ఎందుకంటే అమ్మకాలు పెరుగుతున్నాయి. ఇప్పుడు ఆరో ఏడాది వరస చూడండి. లాభం 5 శాతం పెరిగి 5.16 కోట్లయింది. తిరిగి పెట్టింది సున్నా. "కాపెక్స్ తరుగుదలకి సమానం, వర్కింగ్ క్యాపిటల్ మార్పు లేదు" అని ఒక చిన్న నోట్ రాసి, ఆ 5.16 మొత్తం వాటాదారుల చేతికొచ్చే డబ్బుగా చూపించి, 14లోంచి 5 తీసేసి, 9 శాతంతో భాగించారు. 57.3 కోట్లు వచ్చింది.

ఒక్క గ్రైండర్ కొనకుండా, ఒక్క వ్యాన్ పెంచకుండా, షాపులకి ఒక్క రూపాయి అదనంగా అరువివ్వకుండా పిండి అమ్మకాలు ప్రతి ఏడాదీ 5 శాతం చొప్పున ఎప్పటికీ పెరుగుతాయని దాని అర్థం. తరుగుదలకి సమానంగా ఖర్చు పెడితే పాత మెషీన్ల స్థానంలో కొత్తవి వస్తాయి, అంతే. సామర్థ్యం పెరగదు. ధరలు పెరగడం వల్ల వచ్చే గ్రోత్‌కైనా బాకీలూ, సరుకూ రూపాయల్లో పెరుగుతాయి. మార్చే మెషీన్ కూడా పాత ధరకి దొరకదు.

మీ గడి ఊగడానికి కారణం ఇదే. గ్రోత్ పెంచితే కింద హారం 9 నుంచి 7కి తగ్గుతోంది. పైన లవంలో ఆ గ్రోత్ కోసం పెట్టాల్సిన డబ్బు తగ్గించడం లేదు. గ్రోత్ ఉచితంగా దొరికితే ఎంత పెంచితే అంత లాభమే మరి.

సరైన లెక్కలో గ్రోత్‌తో పాటు పెట్టుబడి కూడా కదలాలి. కొత్తగా పెట్టే ప్రతి రూపాయి మీద కంపెనీ ఎంత సంపాదిస్తుందో (ఫార్ములాలో దాన్ని ROC అన్నాను) దాన్ని బట్టి లాభంలో ఎంత భాగం తిరిగి పెట్టాలో తేలుతుంది. ROC 18 శాతం, గ్రోత్ 5 శాతం అయితే లాభంలో 5/18, అంటే సుమారు 28 శాతం తిరిగి పెట్టాలి. మీ షీటులో టెర్మినల్ గడిలో ఇలా మార్చండి:

```
TV = NOPAT * (1+g) * (1 - g/ROC) / (r - g)
```

NOPAT అంటే చివరి ఏడాది ఆపరేటింగ్ లాభంలోంచి టాక్స్ తీసేయగా మిగిలింది. r డిస్కౌంట్ రేటు, g టెర్మినల్ గ్రోత్.

ఈ ఒక్క మార్పుతో 25.6 కోట్లు 17.3 కోట్లకి దిగింది. ఇప్పుడు గ్రోత్ 3 పెట్టి చూడండి, 15.7 వస్తుంది. 7 పెడితే 19.7. ఇంతకు ముందు 19.7 నుంచి 34.8 దాకా ఊగిన గడి ఇప్పుడు నాలుగు కోట్ల లోపలే కదులుతోంది.

ఇంకో అడుగు వేయండి. ROC గడిలో 14, అంటే డిస్కౌంట్ రేటు ఎంతో అంతే పెట్టండి. గ్రోత్ 3కి 14.6 కోట్లు, 7కి 15.3 కోట్లు. దాదాపు కదలడమే లేదు. పెట్టుబడిదారుడు ఆశించే 14 శాతమే కొత్త పెట్టుబడి మీద వస్తుంటే, పెరగడం వల్ల ఎవరికీ అదనంగా ఒరిగేదేమీ లేదు. గ్రోత్‌కి విలువ ఇచ్చేది ఆ రెండు రేట్ల మధ్య తేడా. ఈ విషయం నాకు ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్ళకి గానీ ఒంటబట్టలేదు. ఒంటబట్టాక మాత్రం ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు టెర్మినల్ ఏడాదిలో "తిరిగి పెట్టింది ఎంత" అన్న వరసే చూస్తాను.

18 ఎందుకు తీసుకున్నానంటే, మీ షీటు ప్రకారమే ఎదిగే రోజుల్లో కొత్త పెట్టుబడి మీద రాబడి 28 శాతం. టాక్స్ పోను మార్జిన్ 11.25, దాన్ని 40 పైసలతో భాగిస్తే అంత వస్తుంది. పిండి వ్యాపారంలో ఆ 28 కలకాలం నిలవదు. నిజాంపేటలో ఇవాళ ఒక బ్రాండ్ బాగా పోతోందంటే రేపు పక్క సందులో ఇంకొకరు గ్రైండర్ పెడతారు. బ్రాండ్ పేరు వల్ల 14 కంటే కొంచెం పైన నిలుస్తుందని నమ్మి 18 వేశాను. మీరు 16 అనుకుంటే 16 వేసుకోండి.

టెర్మినల్ గ్రోత్‌కి పైన ఒక హద్దు కూడా ఉంది. ఎప్పటికీ అనే మాట వాడుతున్నాం కాబట్టి ఏ కంపెనీ కూడా దేశ ఆర్థిక వ్యవస్థ కంటే వేగంగా ఎప్పటికీ పెరగలేదు. న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్ దీనికి ఒక సులువైన గీత చెప్తారు: టెర్మినల్ గ్రోత్ ప్రభుత్వ బాండ్ వడ్డీని దాటకూడదు. మన దగ్గర పదేళ్ళ ప్రభుత్వ బాండ్ మీద వచ్చేది ఈ మధ్య కాలంలో ఆరున్నర, ఏడు శాతం చుట్టుపక్కల ఉంటోంది. రిజర్వ్ బ్యాంక్ ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం. ఈ రెంటి మధ్య 5 అనేది సబబైన సంఖ్య. దాన్ని నేను మార్చలేదు.

ఇక రెండో తప్పు, ఇది కంపెనీకి వ్యతిరేకంగా పడింది. ఐదో ఏట 25 శాతం పెరుగుతున్న కంపెనీ ఆరో ఏట ఒక్కసారిగా 5 శాతానికి పడిపోయింది. అలా జరగదు. ఐదేళ్ళ ప్రొజెక్షన్ వేయడం మన దగ్గర అలవాటు, బ్యాంకుల ప్రాజెక్ట్ రిపోర్టుల్లోనూ అంతే. లోన్ తీరే కాలానికి అది సరిపోతుంది. ఎదిగే కంపెనీ నిలకడకి రావడానికి సరిపోదు. అందుకని ఇంకో ఐదేళ్ళు పొడిగించి గ్రోత్‌ని 20, 16, 12, 9, 6 అని మెల్లగా దించాను. మార్జిన్ 15 దగ్గరే ఉంచాను. అప్పుడు పదో ఏడాది అమ్మకాలు 78.7 కోట్లు, ఇవాళ్టి విలువ 23.8 కోట్లు.

నిజాయితీగా చెప్పాలంటే ఇది వాళ్ళు అడుగుతున్న ధరకి చాలా దగ్గర. 8 శాతానికి 2 కోట్లంటే మీ డబ్బు కలిపి 25 కోట్లు, కలపకముందు 23. రిపోర్టులోని రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి. కాబట్టి ఫౌండర్‌తో "మీ రిపోర్టు తప్పు" అని వాదనకి దిగితే ఆయన దగ్గర సమాధానం ఉంటుంది. వాదించాల్సింది ఆ 23.8 వెనక ఉన్న కథ గురించి.

టెర్మినల్ గ్రోత్ ఈ పదేళ్ళ షీటులో 3 పెడితే 22.3, 7 పెడితే 26. ఇక ఆ గడిని వదిలేయండి.

అసలు ఊగేది ఇక్కడ. అమ్మకాల వేగం, చివరికి నిలిచే మార్జిన్, ఈ రెంటినే మార్చి చూశాను. నెమ్మది దారిలో మొదటి ఐదేళ్ళు 45, 38, 30, 25, 20 శాతం, తర్వాత 16, 13, 10, 8, 6. ఇది కూడా తక్కువేం కాదు, పదేళ్ళలో 8 కోట్లు 51.5 కోట్లవుతుంది. మార్జిన్ తగ్గించిన చోట మూడో ఏటి నుంచి 6, 9, 11 అని వేసి ఆ తర్వాత 11 దగ్గర ఆపాను.

| ఇవాళ్టి విలువ, కోట్లలో | మార్జిన్ 15% | మార్జిన్ 11% |
|---|---|---|
| షీటులో ఉన్న వేగం | 23.8 | 13.5 |
| నెమ్మది వేగం | 16.5 | 9.6 |

మార్జిన్ నాలుగు పాయింట్లు తగ్గితే పది కోట్లు పోయాయి. ఆ తర్వాత వరసల మధ్య తేడా చూడండి. మార్జిన్ 15 ఉన్నప్పుడు వేగం వల్ల 7.3 కోట్లు కలిశాయి, 11 ఉన్నప్పుడు అదే వేగం 3.9 కోట్లే కలిపింది. వేగానికి వేరే ధర అంటూ లేదు, దాని ధర మార్జిన్ చెప్తుంది. ఈ షీటు అంకెలతోనే ఇంకా కిందికి వెళ్తే, మార్జిన్ 7.5 శాతం దగ్గర కొత్త పెట్టుబడి మీద రాబడి దాదాపు 14 అవుతుంది. అక్కడికంటే తగ్గితే ప్రతి కొత్త షాపూ, ప్రతి కొత్త రూటూ విలువని తినేస్తాయి. అమ్మకాల గ్రాఫ్ మాత్రం పైకే పోతూ కనపడుతుంది.

అందుకే డీసీఎఫ్ షీటు మూసేసి ఒక కేజీ ప్యాకెట్ లెక్క అడగండి. ఇవి నేను ఉదాహరణకి వేస్తున్న అంకెలు, మీరు వాళ్ళ బిల్లులతో నింపాలి. టాక్స్ తీసేశాక ప్యాకెట్ 60 రూపాయలు అనుకుందాం. షాపువాడికి 9 పోతే కంపెనీకి 51. బియ్యం, మినప్పప్పు 24. కవరు 3. కరెంటు, కూలీలు 6. చల్లటి వ్యాన్, డ్రైవర్ 6. తిరిగొచ్చిన ప్యాకెట్లు 3. మిగిలింది 9 రూపాయలు, అంటే కంపెనీకొచ్చే అమ్మకంలో 17.6 శాతం. ఇందులోంచే ఆఫీసు జీతాలు, అద్దె, ప్రకటనలు, షాపుల్లో పెట్టే ఫ్రిజ్‌ల మరమ్మతులు అన్నీ పోవాలి. చివరికి 15 మిగలాలంటే వాటన్నిటికీ కలిపి 1 రూపాయి 35 పైసలే ఖర్చవ్వాలి. సాధ్యమే అంటారా? పరిమాణం పెరిగితే వ్యాన్ ఖర్చు 6 నుంచి 4.50కి తగ్గుతుందని ఫౌండర్ అంటే, ఏ రూటులో ఎన్ని షాపులకి అలా తగ్గిందో చూపించమనండి. ఇప్పటికే దగ్గరదగ్గరగా షాపులున్న రూటులో తగ్గి ఉండాలి. అక్కడే తగ్గకపోతే రేపు ఊరంతా తగ్గదు.

ఆ తిరిగొచ్చిన ప్యాకెట్ల గడి, అంటే రిటర్న్స్ మీద ప్రత్యేకంగా పట్టుపట్టండి. పిండి పులిసిపోయే సరుకు. పాత షాపుల్లో ఎంత పోతుందో వాళ్ళకి తెలుసు. కొత్త షాపులో మొదటి నెలల్లో అది ఎక్కువ ఉంటుంది. 60 శాతం పెరుగుతున్నప్పుడు షాపుల్లో చాలా భాగం కొత్తవే.

ఇలాంటిదే ఒక కేసు నా చేతుల మీదుగా జరిగింది. మేడ్చల్ వైపు ఒక గానుగ నూనె కంపెనీ. అమ్మకాలు నేను అంచనా వేసినదానికంటే బాగా పెరిగాయి. మార్జిన్ 14 శాతం అని మేనేజ్‌మెంట్ ఇచ్చిన సంఖ్యనే తీసుకున్నాను. సూపర్ మార్కెట్లలోకి వెళ్ళాక షెల్ఫ్ ఖర్చులు, ఆఫర్లు, పగిలిన సీసాలు కలిసి దాన్ని 6కి దించేశాయి. నా రిపోర్టులో టెర్మినల్ గ్రోత్‌కీ, డిస్కౌంట్ రేటుకీ అందమైన సెన్సిటివిటీ పట్టిక ఉంది. మార్జిన్‌కి లేదు. ఆ రిపోర్టు చూసి డబ్బు పెట్టినాయన రిటైరైన లెక్చరర్. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత మార్జిన్ పట్టిక లేకుండా నేను ఏ రిపోర్టూ సంతకం పెట్టలేదు.

రిపోర్టు ఇచ్చిన వాల్యుయర్‌ని తప్పుపట్టాలని ఇదంతా చెప్పడం లేదు. కొత్త షేర్లు బయటివాళ్ళకి ఇవ్వాలంటే కంపెనీల చట్టం ప్రకారం రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు కావాలి. అది చట్టం కోసం చేసే పని. ప్రొజెక్షన్లు మేనేజ్‌మెంట్‌వి, వాటి బాధ్యత తనది కాదని ఆయన మొదటి పేజీల్లోనే రాసి ఉంటారు, చూడండి. సరైన విలువ కంటే ఎక్కువ ధరకి షేర్లు అమ్మితే ఆ అదనం మీద పడే ఏంజెల్ టాక్స్ ఉన్న రోజుల్లో షేర్ ధరని సమర్థించుకోవడానికి ఇలాంటి రిపోర్టులు ఇంకా ఎక్కువగా తయారయ్యేవి. ఆ టాక్స్‌ని 2024 బడ్జెట్‌లో తీసేశారు, ఫార్మాట్ మాత్రం అలాగే మిగిలింది. కొనేవాళ్ళ కోసం రాసిన కాగితం కాదది.

కంపెనీ మిగులుతుందా అన్న ప్రశ్న ఏ గడిలోనూ లేదు. పైన పట్టికలోని నాలుగు విలువలూ కంపెనీ పదేళ్ళూ నడుస్తుందన్న షరతు మీదే నిలబడ్డాయి. 14 శాతం డిస్కౌంట్ రేటు నడిచే వ్యాపారం రిస్క్‌కి సరిపోతుంది, మూతపడే రిస్క్‌కి కాదు. వెంచర్ ఫండ్లు 30, 40 శాతం రేటు వాడేది ఆ రెండో రిస్క్‌ని కూడా రేటులోనే కలిపేస్తారు కాబట్టి. నాకు ఆ పద్ధతి నచ్చదు. రేటు పెంచితే దూరపు ఏళ్ళ విలువ మరీ ఎక్కువగా కరిగిపోతుంది, అసలు ప్రమాదమేమో మొదటి మూడేళ్ళలోనే ఉంటుంది. రేటు 14 దగ్గరే ఉంచి, నిలబడే అవకాశాన్ని విడిగా గుణించడం మేలు. రెండూ ఒకేసారి చేస్తే ఒకే రిస్క్‌ని రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

పట్టికలోని నాలుగు గడులకి నా అంచనాలు: వేగం, మార్జిన్ రెండూ కలిసొచ్చే గడికి 20 శాతం. నెమ్మదిగా వెళ్ళినా 15 మార్జిన్ నిలిచే గడికి 30. వేగం ఉండి మార్జిన్ 11 దగ్గర ఆగే గడికి 20. రెండూ తగ్గే గడికి 30. కలిపితే 15.3 కోట్లు వస్తుంది. నిలబడే అవకాశం 70 శాతం అనుకున్నాను. మూతపడితే మెషీన్లు, వ్యాన్లు, బ్రాండ్ పేరు అమ్మితే వచ్చేది కోటి. 15.3లో 70 శాతం, కోటిలో 30 శాతం కలిపితే 11 కోట్లు. మొదట చెప్పిన సంఖ్య ఇదే. 11కి మీ 2 కలిపితే 13, అందులో 2 అంటే 15.4 శాతం.

ఈ శాతాలు నా తీర్పు, కొలిచి చెప్పినవి కావు. మీకు ఆ ఫౌండర్ ఎదురుగా కనపడుతున్నాడు, నాకు కనపడడు. 70 బదులు 85 అని నమ్మితే 13 కోట్లు దాటుతుంది. అయినా 23 రావడానికి మాత్రం మొదటి గడి ఖాయమనీ, మూతపడే అవకాశం దాదాపు లేదనీ నమ్మాలి.

70 ఎందుకన్నానంటే, షీటులోనే ఒక విషయం కనపడుతోంది. మొదటి ఏడాది క్యాష్ ఫ్లో మైనస్ 2.56 కోట్లు. మీరిచ్చేది 2 కోట్లు. అంతా అనుకున్నట్టే జరిగినా మీ డబ్బు ఏడాది తిరక్కుండానే అయిపోతుంది. నాలుగేళ్ళ మైనస్‌లు కలిపితే 6.2 కోట్లు, అంటే ఇంకా 4.2 కోట్లు ఎవరో పెట్టాలి. పెట్టకపోతే అమ్మకాల వేగం తగ్గించాలి, లేదా మూసేయాలి. ఆ మైనస్‌లని డీసీఎఫ్ ఇప్పటికే విలువలోంచి తీసేసింది, కాబట్టి తర్వాతి రౌండ్లలో మీ వాటా తగ్గుతుందని ఇంకోసారి తగ్గించక్కర్లేదు. డబ్బు దొరుకుతుందా లేదా అన్నది మాత్రం నిలబడే అవకాశంలోనే లెక్కించాలి.

ఫౌండర్ 15 శాతానికి ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ధర మీద పీకులాడే బదులు, ఆయన నమ్మకాన్నే షరతుగా రాయించండి. మామూలు షేర్లు కాకుండా తప్పనిసరిగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, అంటే సీసీపీఎస్, తీసుకోండి. రెండో ఏడాది ఆడిట్ అయిన లెక్కల్లో అమ్మకాలు 19 కోట్లు దాటి, మార్జిన్ 2 శాతమైనా వస్తే 8 శాతానికే మారేట్టు, రాకపోతే 15 శాతానికి మారేట్టు. ఆ రెండు సంఖ్యలూ ఆయన షీటులోవే. డబ్బు కూడా రెండు విడతలుగా, కోటి ఇప్పుడు, కోటి ఆరు నెలల రిటర్న్స్ లెక్క చూశాక. కంపెనీ అమ్మినా, మూసినా ముందు మీ 2 కోట్లు వెనక్కి రావాలని ఒప్పందంలో ఉండాలి. షేర్‌హోల్డర్ల ఒప్పందం చదివే అలవాటున్న లాయర్‌తోనే రాయించండి.

ప్యాకెట్ లెక్క, పాత కొత్త షాపుల రిటర్న్స్ విడివిడిగా తెచ్చి ఇక్కడ పెడితే మార్జిన్ గడిలో 15 ఉంచాలో 11 ఉంచాలో మళ్ళీ కూర్చుని చూద్దాం.